పిల్లల ప్రాజెక్టు వీడియోకి ‘ప్రో’ యాప్ ఎందుకండీ?

కాస్త పొడుగ్గా రాస్తున్నాము. ఇంట్లో బడికి పోయే పిల్లలున్నవాళ్లు ఓపిగ్గా చదవండి.

పోయిన వారం మన గ్రూపులో ఒక పెద్దాయన ఒక ఫైలు పంపించారు. పేరున్న ఎడిటింగ్ యాప్, ‘ప్రో అన్‌లాక్డ్’, ఫ్రీ అన్నారు. చూస్తుండగానే పదిమంది చెయ్యెత్తి దండం పెట్టారు. మేము అప్పుడే వద్దన్నాము. ‘మీకన్నీ అనుమానాలే’ అన్నారు. అందుకే ఈ రాత.

మొదటి మాట. ఆ ఫోను పిల్లదా? కాదు, వాళ్లమ్మది. బ్యాంకు మెసేజీలు, డబ్బు పంపే యాప్, గ్యాస్ బుకింగు అన్నీ అందులోనే ఉన్నాయి. ప్లే స్టోర్ బయట నుంచి వచ్చిన ఫైలును ఎవరు విప్పారో, లోపల ఏం కలిపారో, పంపినాయనకూ తెలియదు. అది ఎక్కించడానికి ‘తెలియని యాప్‌లను అనుమతించు’ అనే తలుపు మన చేత్తోనే తెరవాలి. మూడు నిమిషాల బడి వీడియో కోసం ఇంటి తాళంచెవి వీధిలో పెట్టడమే ఇది. క్యాప్‌కట్ సంగతీ అంతే. మన దేశంలో అది నిషేధంలో ఉంది, ప్లే స్టోర్‌లో దొరకదు. దొడ్డిదారిన తెచ్చుకోమని పిల్లలకు మనమే నేర్పడం ఏం పెద్దరికం?

రెండో మాట. ‘ఫ్రీ’ అనే మాటను నమ్మకండి, పరీక్షించండి. నిరుడు మదురైలో మన ఇంటి ఆడపిల్ల ఒకతె, ఎనిమిదో తరగతి, తిరుమల నాయకర్ మహల్ మీద ప్రాజెక్టు చేసింది. 1636లో కట్టిన ఆ మహల్‌లో ఈనాడు మిగిలింది కొంత భాగమే. ఆ స్తంభాల మధ్య వాళ్ల అవ్వను నడిపిస్తూ, తెలుగులో మాట్లాడిస్తూ తీసింది. రెండు రాత్రులు కూర్చుని ఎడిట్ చేసింది. తీరా సేవ్ నొక్కితే, నువ్వు వాడిన టైటిల్, మధ్యలో పెట్టిన ఎఫెక్ట్ రెండూ డబ్బు కట్టినవాళ్లకే అని యాప్ నిలదీసింది. వాడుతున్నంతసేపూ అన్నీ ఇచ్చి, చివర చెయ్యి చాపే పద్ధతి ఇది. మర్నాడే గడువు. పిల్ల ఏడ్చింది, వాళ్ల నాన్న ఆ రాత్రే ఒక నెల చందా కట్టారు. ఇది ఆ పిల్ల తప్పు కాదు. యాప్ చూపించేటప్పుడు ఈ సంగతి చెప్పని మనలాంటి పెద్దలది.

అందుకని మేము చెప్పేది ఒక్కటే. షూటింగ్‌కి పోకముందే పది సెకన్ల పరీక్ష పెట్టండి. ఇంట్లోనే ఒక చిన్న క్లిప్ తీయండి. దాని మీద ఒక తెలుగు టైటిల్, కింద కొంచెం మ్యూజిక్ పెట్టి ఎక్స్‌పోర్ట్ చేయండి. గ్యాలరీలోకి వచ్చిన ఫైలును మొదటినుంచి చివరిదాకా చూడండి. మూలన యాప్ పేరు ముద్ర పడిందా? చివర వాళ్ల ప్రకటన అతుక్కుందా? డబ్బు అడిగిందా? మూడింటికీ ‘లేదు’ అయితేనే ఆ యాప్ మీది. కైన్‌మాస్టర్ మంచి యాపే, కానీ ఉచితంగా వాడితే దాని ముద్ర పడుతుంది.

ఇక పేరు చెప్పమంటారు కదా, చెప్తాము. ఫోనులో 4 జీబీ ర్యామ్ ఉంటే YouTube Create. 2023 సెప్టెంబరులో గూగుల్ దీన్ని మన దేశంతో కలిపి కొన్ని దేశాల్లోనే మొదట వదిలింది. ఆండ్రాయిడ్ 8, 4 జీబీ ర్యామ్ ఉండాలని అప్పుడే చెప్పింది. ముద్ర పడదు, చందా లేదు. చేసిన వీడియోను యూట్యూబ్‌లో పెట్టితీరాలనే నిబంధనా లేదు, ఫోనులోనే దాచుకోవచ్చు. ర్యామ్ అంతకన్నా తక్కువ ఉంటే VN. ఉచితంగా వాడినా ముద్ర వేయదు. అయితే డబ్బు కట్టే సౌకర్యాలు కొన్ని దాని లోపలా ఉన్నాయి కాబట్టి పది సెకన్ల పరీక్ష దానికీ తప్పదు.

‘1080లో తీయకపోతే బాగుండదు’ అనేవాళ్లకి ఒక లెక్క. చాలా ఫోన్లలో 1080లో తీస్తే నిమిషానికి సుమారు 130 ఎంబీ అవుతుంది. మూడు నిమిషాల వీడియోకి పిల్లలు పన్నెండు నిమిషాలైనా తీస్తారు. అంటే ఒకటిన్నర జీబీ. 32 జీబీ ఫోనులో ఖాళీ ఉండేదే రెండు మూడు జీబీ. ఎడిటింగ్‌కి, ఎక్స్‌పోర్ట్‌కి మళ్లీ చోటు కావాలి. అది లేకపోతే యాప్ ఎక్స్‌పోర్ట్ మధ్యలో ఆగిపోతుంది, లేదా మూసుకుపోతుంది. ‘యాప్ చెడ్డది’ అని దాన్ని తిడతాము, తప్పు మాత్రం చోటు లేకపోవడంలో ఉంటుంది. 720లో తీసి, 720లోనే ఎక్స్‌పోర్ట్ చేయండి. టీచరుగారు చూసేదీ ఫోనులోనే కదా. ఇంకో జాగ్రత్త: పని పూర్తయ్యేదాకా గ్యాలరీలో అసలు క్లిప్పులను చెరపకండి. యాప్ వాటిని తనలోకి కాపీ చేసుకోకుండా ఉన్నచోటునుంచే చూపిస్తుంటే, చెరిపితే ఎడిట్‌లో ఆ చోట నల్లగా ఖాళీ మిగులుతుంది.

పంపేటప్పుడు వాట్సాప్‌లో వీడియోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి. వీడియోగా పంపితే అది నలిపి చిన్నది చేస్తుంది, టైటిల్ అక్షరాలు మసకబారతాయి.

ఇప్పుడు మాకు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఈ యాప్‌లలో అందంగా కనిపించే అక్షరాల స్టైళ్లు ఎక్కువ ఇంగ్లీషుకే చేసినవి. వాటిలో తెలుగు టైపు చేస్తే ఏ స్టైల్ నొక్కినా అక్షరం మారదు, ఎందుకంటే ఆ ఫాంటులో తెలుగే లేదు, ఫోను తన సొంత అక్షరాలు తెచ్చిపెడుతుంది. కొన్నిచోట్ల ఒత్తులు విడిపోతాయి, లేదా డబ్బాలు వస్తాయి. పరీక్షకు ‘స్తంభం’, ‘కృష్ణ’, ‘స్త్రీ’ అని కొట్టి చూడండి. మూడూ సరిగా నిలబడితే సరే. లేకపోతే ఆ టైటిల్‌ను బొమ్మగా పెట్టేయడమే మార్గం.

ఆ మదురై పిల్ల ఈ ఏడాది అదే చేసింది. తనకు తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. మన పిల్లల్లో చాలామంది అంతే, బడిలో నేర్చేది తమిళం, ఇంగ్లీషు. అవ్వ తెల్లకాగితం మీద స్కెచ్ పెన్నుతో ‘మా మహల్’ అని రాసింది. కిటికీ దగ్గర వెలుతురులో, నీడ పడకుండా దాన్ని ఫోటో తీసి, వీడియోకి ముందు నాలుగు సెకన్లు పెట్టింది. కింద తమిళంలో తాను టైపు చేసిన వివరం. ఏ ‘ప్రో’ ఫాంటూ ఇవ్వని అక్షరం అది. ఫోను 3 జీబీది, యాప్ VN, ఖర్చు సున్నా.

‘అలాంటి వీడియో చూసి ఎవరు మెచ్చుకుంటారు?’ అని మళ్లీ ఎవరో అంటారని తెలుసు. ఆ పిల్ల క్లాసులో తెలుగు ఇంటివాళ్లు ఇంకో నలుగురు ఉన్నారట. ఆ కాగితం మీద ఏం రాసుందని నలుగురూ వాళ్ల అవ్వలను పోయి అడిగారట. మన సంఘం ఎన్ని మీటింగులు పెట్టినా ఆ ప్రశ్న ఆ పిల్లల నోట రాలేదు.

కాబట్టి పెద్దలకు మా మనవి, కాస్త గట్టిగానే: గ్రూపులో యాప్ ఫైళ్లు పంపడం ఈ రోజుతో ఆపండి. ఇప్పటికే ఎక్కించుకున్నవాళ్లు ఆ యాప్ తీసేయండి, ‘తెలియని యాప్‌ల’ అనుమతి మూసేయండి, బ్యాంకు పాస్‌వర్డ్ మార్చుకోండి. ఆ తర్వాత పిల్లతో కూర్చుని పది సెకన్ల పరీక్ష పెట్టండి. సందేహముంటే కింద అడగండి, మేము జవాబిస్తాము. కోపముంటే అదీ కిందే రాయండి.