చీటీలో ప్రశ్న ఉన్నదా?

మహబూబాబాద్‌లో రైలెక్కి వరంగల్ పెద్దాసుపత్రికి వెళ్ళే రోగి చేతిలో తరచూ ఒక చీటీ ఉంటుంది. భూపాలపల్లి నుంచి, జనగామ నుంచి వచ్చేవారి చేతిలోనూ అంతే. "షుగర్ ఉంది, క్రియాటినిన్ ఎక్కువ, కిడ్నీ నిపుణునికి చూపించాలి" అని అందులో రాసి ఉంటుంది. రాసిన దాంట్లో అసత్యమేమీ లేదు. అయితే నిపుణుడు దేనిని తేల్చాలో మాత్రం లేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. 52 ఏళ్ళ గృహిణి. తొమ్మిదేళ్ళుగా షుగర్ ఉంది. ఆమెకు ఇలా రాయవచ్చు:

"ఆరు నెలల క్రితం క్రియాటినిన్ 0.9. నిన్న 1.8. మూత్రంలో ప్రోటీన్ స్వల్పం. బి.పి. 130/80. కంటి పరీక్షలో షుగర్ వల్ల కలిగే మార్పులు లేవు. మోకాళ్ళ నొప్పికి నాలుగు నెలలుగా రోజుకు రెండు డైక్లోఫెనాక్ మాత్రలు సొంతంగా కొని వాడారు. నేటి నుంచి ఆపించాను. మెట్‌ఫార్మిన్ రోజుకు 2000 మిల్లీగ్రాముల నుంచి 1000కి తగ్గించాను. ప్రశ్న: ఈ నష్టం షుగర్ వల్లనా, నొప్పి మాత్రల వల్లనా? రమజాన్ ఉపవాసాలు పాటించవచ్చునా అని ఆమె అడుగుతున్నారు."

ఇందులో అన్నిటికంటే విలువైనది పాత అంకె. 1.8 ఒక్కటే చూస్తే అది ఏళ్ళ తరబడి పెరిగిందో, ఈమధ్యనే పెరిగిందో తెలియదు. షుగర్ వల్ల కిడ్నీ సాధారణంగా నెమ్మదిగా, మూత్రంలో ప్రోటీన్ పెరుగుతూ దెబ్బతింటుంది. ఆరు నెలల్లో క్రియాటినిన్ రెట్టింపై, ప్రోటీన్ స్వల్పంగానే ఉంటే వైద్యుని చూపు మరో కారణం వైపు మళ్ళుతుంది. కన్ను బాగుండడం కూడా ఆ అనుమానాన్ని బలపరుస్తుంది. అయినా షుగర్‌ను పూర్తిగా తోసిపుచ్చదు. తేల్చవలసింది నిపుణుడే గనుక చీటీలో తీర్పు కాక ప్రశ్న ఉండాలి.

ఇక ఆ నొప్పి మాత్రల సంగతి. "ఏ మందులు వాడుతున్నారమ్మా?" అని అడిగితే ఆమె షుగర్ మాత్రల పేరే చెబుతుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న దానిని మందుగా లెక్కించదు. హకీం ఇచ్చిన చూర్ణమూ అంతే. ఇంట్లోని మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకొని రమ్మంటే తప్ప ఆ వాక్యం చీటీలోకి రాదు. నాకు చాలాసార్లు అసలు సంగతి ఆ సంచిలోనే దొరికింది.

మాత్రలు ఆపిన తేదీ ఉన్నందువల్ల నిపుణుడు రెండు వారాల తర్వాత మళ్ళీ క్రియాటినిన్ చూసి, అది దిగిందో లేదో పోల్చగలడు. దిగితే నొప్పి మాత్రల మీద అనుమానం గట్టిపడుతుంది. దిగకపోతే మిగతా కారణాలు వెతకాలి. ఉపవాసాల మాట ఆ అంకె వచ్చాకే.

చీటీ ఇచ్చే ముందు ఫోనులో ఒక ఫొటో తీసుకోండి. వెనుకవైపు నిపుణుని జవాబు రెండు వాక్యాలలో రాయించుకొని, మళ్ళీ మీ డాక్టరుకు చూపండి.