రాని వడ్డీకి కోసిన పన్ను

మార్చి ఆఖరంటే ఎనుమాముల మార్కెట్ల మిర్చి సీజన్ జోరు మీదుంటది. దుకాణం ముంగట ఎర్రగ బస్తాలు, లోపల గుమాస్తా ముంగట చిట్టాలు. రైతుల లెక్క, కమీషన్ లెక్క, హమాలీ లెక్క అన్నీ ఒడగొట్టినంక ఆఖరుకు బ్యాంకు స్టేట్‌మెంట్ మీద పడ్తరు. అండ్ల ఒక చిన్న లైన్ ఉంటది. కరెంట్ అకౌంట్ల నుంచి 3,561 రూపాయలు కోసిండ్రు, పక్కన టీడీఎస్ అని రాసుంటది. గుమాస్తా దాన్ని చూసి ఇంక సోంచాయించడు. "బ్యాంకు ఛార్జీలు" అని ఖర్చుల రాసి పేజీ తిప్పేస్తడు.

ఇగ నా ముచ్చటంతా ఆ ఒక్క లైన్ గురించే.

అడ్తి లెక్కలు చూసే పనిల ఉన్నోడిని గాబట్టి ఈ మాట ఏటా వింట. "సారూ, ఎఫ్‌డీ రెండేండ్లకు చేసినం. ఇంకా రూపాయి వడ్డీ చేతికి రాలే. రాని పైసలకు పన్నెట్ల కోస్తరు? అడిగేటోడే లేడా?" అని గుమాస్తా గరమైతడు. కోపం ఉత్తగ వచ్చింది గాదు. పాస్‌బుక్‌ల వడ్డీ కనిపించదు, ఎఫ్‌డీ రసీదు మీద రెండేండ్ల తర్వాత వచ్చే మొత్తం ఒక్కటే ఉంటది. నడుమల ఏం జరుగుతుందో బ్యాంకు కంప్యూటర్‌కే ఎరుక.

నేనేమంటనంటే, మీ సేటు ఎవరికన్న చేబదులు ఇస్తే వడ్డీ రోజులు లెక్కవెట్టి కడ్తడా, లేకుంటే పైసలు తిరిగొచ్చిన నాడే వడ్డీ పుడ్తదా? ఇయ్యాల అడిగితే ఇయ్యాల్టి దాకా ఇంత అయిందని చెప్తడు గద. ఎఫ్‌డీ గూడ గంతే. చేతికొచ్చుడు వేరు, పెరుగుడు వేరు. బ్యాంకు మార్చి 31 నాడు తన పుస్తకాలల్ల "ఈ డిపాజిట్‌దారుకు మేమింత వడ్డీ బాకీ" అని రాసుకుంటది. అది మీ ఖాతాల వెయ్యకుండ "ఇయ్యవలసిన వడ్డీ" అనో, సస్పెన్స్ అనో ఏదో పేరు మీద పక్కకు వెట్టినా సరే, మీ ఖాతాల జమ చేసినట్టే లెక్క అని ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం 194ఎ సెక్షన్‌ల సాఫ్‌గ రాసుంది. బ్యాంకు టైం డిపాజిట్లకు ఈ కోత 1995 జులై నుంచి నడుస్తున్నదే. కంప్యూటర్లు వచ్చినంక బ్యాంకులు లోపల్లోపల రోజూ వడ్డీ లెక్క కట్టుడు మొదలువెట్టినయ్. మరి రోజూ పన్ను కొయ్యాల్నా అంటే, అట్ల అవసరం లేదు, ఏడాది ఆఖరుకు గానీ బ్యాంకు వడ్డీ వేసే గడువుకు గానీ కోస్తే చాలని 2010ల పన్నుల బోర్డే సర్క్యులర్ ఇచ్చింది. గందుకే మన కంట్ల పడేది వడ్డీ వేసే గడువు కోతలు, మార్చి ఆఖరు కోతలే.

ఒక లెక్క పెట్టి చూద్దాం. ఒక సేటు 2025 అక్టోబర్ 1 నాడు దుకాణం పేరు మీద 20 లక్షలు ఎఫ్‌డీ చేసిండనుకోండ్రి. రెండేండ్లకు, 7 శాతం, మూన్నెల్లకోసారి వడ్డీ అసల్ల కలిసే రకం. డిసెంబర్ ఆఖరుకు 35,000 అయితది. అది అసల్ల కలిసి 20,35,000 అయితది, దాని మీద మార్చి ఆఖరుకు 35,612 రూపాయల 50 పైసలు. రెండు కలిపితే, పైసలు సరిజేసి, 70,613. ఒక్క బ్యాంకుల ఏడాదికి వచ్చే వడ్డీ 50,000 దాటితే 10 శాతం కోత పడ్తది. 60 ఏండ్లు నిండినోళ్లకు ఆ హద్దు లక్ష. ఈ రెండు హద్దులు 2025 ఏప్రిల్ నుంచి పెరిగినవే. పాన్ ఇయ్యకుంటే కోత 20 శాతం. మన సేటు పాన్ ఇచ్చిండు, ఏడాది వడ్డీ 50,000 దాటుతదని బ్యాంకుకు ముందే తెలుసు. గందుకే డిసెంబర్ల 3,500, మార్చిల 3,561, మొత్తం 7,061 కోసింది. వేరే బ్రాంచ్‌ల ఇంకో ఎఫ్‌డీ చేస్తే తప్పించుకోవచ్చనుకునేటోళ్లు ఉన్నరు. అన్ని బ్రాంచీలు ఒక్క కంప్యూటర్ల ఉన్నయ్ గాబట్టి బ్యాంకు మొత్తం కలిపే చూస్తది.

ఇగ గుమాస్తా పుస్తకంల ఏం రాయాలె? రెండు ఎంట్రీలు, ఇంకేం లేదు. ఒకటి, పెరిగిన వడ్డీ. "ఎఫ్‌డీ మీద రావలసిన వడ్డీ" అని 70,613 డెబిట్, "వడ్డీ ఆదాయం" 70,613 క్రెడిట్. పూర్తి వడ్డీ రాయాలె, కోత పోను మిగిలింది గాదు. రెండోది, కోసిన పన్ను. "టీడీఎస్ రావలసింది" 7,061 డెబిట్, బ్యాంకు కరెంట్ అకౌంట్ 7,061 క్రెడిట్. ఆ 7,061 ఖర్చు గాదు, సేటు పేరు మీద సర్కారు దగ్గర జమైన పైసలు. రిటర్న్ వేసిన నాడు పన్నుల నుంచి పట్టుకుంటరు, ఎక్కువుంటే వాపస్ ఇస్తరు.

కొన్ని బ్యాంకులు కరెంట్ అకౌంట్ జోలికి పోకుండ ఎఫ్‌డీ వడ్డీల నుంచే కోసుకుంటయ్. అప్పుడు వడ్డీ ఖాతాకు కోత పోను మిగిలింది, టీడీఎస్‌కు కోసింది డెబిట్ పడ్తయ్, వడ్డీ ఆదాయం మాత్రం మళ్లా పూర్తి వడ్డీ క్రెడిట్టే. ఈ తీరుల ఇంకో సంగతుంది. కోసిన పైసల మీద తర్వాత వడ్డీ పెరగదు గాబట్టి రసీదు మీద అచ్చేసిన మొత్తం చేతికి రాదు. మెచ్యూరిటీ నాడు "రసీదు మీద ఒకటుంది, మీరు ఇచ్చింది ఒకటి" అని కౌంటర్ కాడ కొట్లాట వెట్టుకునేటోళ్లు ఎక్కువగ వీళ్లే.

అట్లనే ఎఫ్‌డీ ఫిబ్రవరి నడుమల చేసినోళ్లకు మార్చి 31 నాడు మూన్నెల్ల గడువు పూర్తి గాదు. బ్యాంకు మటుకు అప్పటిదాకా అయిన రోజుల వడ్డీ లెక్క కట్టి పక్కకు వెడ్తది, హద్దు దాటితే పన్నూ కోస్తది. మీరు గూడ ఆ రోజుల వడ్డీ రాసుకోవాలె. బ్యాంకుల అడిగితే వడ్డీ సర్టిఫికెట్ ఇస్తరు. దాని మీద 31 మార్చి దాకా అని ఉందో లేదో చూసుకోండ్రి. ఆఖరి క్వార్టర్ దాకనే లెక్క కట్టి ఇచ్చిన సర్టిఫికెట్లు నేను చూసిన.

మరి గుమాస్తా రాసినట్టే "బ్యాంకు ఛార్జీలు" అని రాస్తే ఏం మునుగుతది? ఇండ్ల రెండు తప్పులు జమిలిగ ఉన్నయ్. 70,613 ఆదాయం పుస్తకాలల్ల లేనే లేదు, 7,061 లేని ఖర్చు ఎక్కింది. అంటే లాభం 77,674 తక్కువ చూపినట్టు. అక్కడ ఇన్‌కమ్ ట్యాక్స్ ఆఫీసోళ్ల కాడ బ్యాంకు పంపిన లెక్క ఉంది, మీ పాన్ మీద వడ్డీ 70,613 అని ఏఐఎస్‌ల కనిపిస్తుంది. టీడీఎస్ మాత్రం రిటర్న్‌ల క్లెయిమ్ చేసి వడ్డీ చూపకపోతే కంప్యూటరే పట్టుకుంటది, మనిషి గూడ అక్కర్లే.

ఇంకో తప్పు నిదానంగ బయటపడ్తది. "మెచ్యూరిటీ అయినంక మొత్తం వడ్డీ ఒక్కసారే రాద్దాం" అని కూసునేటోళ్ల కథ ఇది. మన సేటుకు 2027 అక్టోబర్ల చేతికొచ్చేది 22,97,764. అంటే వడ్డీ 2,97,764. బ్యాంకు ఇది మూడు ఏండ్లకు పంచి చూపుతది. 2025-26కు 70,613, 2026-27కు 1,48,792, 2027-28కు 78,359. టీడీఎస్ గూడ అట్లనే మూడు ఏండ్లల్ల పడ్తది. సేటు ఆఖరి ఏడాదిల మొత్తం రాస్తే ఆ ఏడు స్లాబు పైకెక్కుతది, ముందటి రెండేండ్లకు నోటీసు వచ్చే దారి తెరుచుకుంటది. ఏటా సక్రమంగ రాసుకున్నోనికి 2027-28ల రాయాల్సిన ఆదాయం 78,359 మాత్రమే. మిగిలింది పాత బాకీ వసూలు అయినట్టు.

జీతం, పింఛన్ల మీద ఉండి పుస్తకాలు లేనోళ్లు వడ్డీ చేతికొచ్చిన ఏడాదే చూపే పద్ధతి పట్టుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటది. అయితే ఏటా అదే పద్ధతి నడపాలె. ముందుగాల కోసిన టీడీఎస్‌ను అదే ఏడు వాడుకోకుండ, వడ్డీ చూపే ఏడాదికి ముందుకు జరపాలె. రిటర్న్ ఫారంల దానికి గళ్లున్నయ్. నా మటుకు ఆ తిప్పలు ఎందుకనిపిస్తది. కాజీపేటల రైల్వే పింఛన్‌దారు ఒకాయనకు గిదే చెప్పిన, ఆయనిప్పుడు ఏటా బ్యాంకు చూపినంతనే చూపుతున్నడు. దుకాణపోళ్లు ఎట్లాగూ పెరిగిన లెక్కనే పుస్తకాలు రాస్తరు, వాళ్లకు వేరే ముచ్చటే లేదు.

10 శాతం కోసిండ్రు గద, పన్ను అయిపాయె అనుకునేటోళ్లకు ఒక మాట. సేటు 30 శాతం స్లాబుల ఉంటే 70,613 మీద పన్ను 21,184, దాని మీద సెస్సు. కోసింది 7,061 పోను మిగిలింది సేటే కట్టాలె, అదిగూడ అడ్వాన్స్ ట్యాక్స్ కిస్తీలల్ల గడువు లోపట కలుపుకుంటే వడ్డీ పడకుండ ఉంటది.

నడుమల ఎఫ్‌డీ ఒడగొడ్తే? బ్యాంకు తక్కువ రేటు కట్టి, జుర్మానా పోను ఇస్తది. మీరు పోయిన ఏడు రాసుకున్న వడ్డీ అప్పుడు ఎక్కువైనట్టు. ఆ తేడాను ఒడగొట్టిన ఏడాది పుస్తకాలల్ల తగ్గించి రాసుకోవాలె. సర్కారుకు కట్టిన టీడీఎస్ బ్యాంకు తిరిగియ్యదు, అది రిటర్న్ తొవ్వనే రావాలె.

మన వరంగల్‌కే సంబంధించిన సంగతొకటుంది. ఇక్కడ హెడ్డాఫీసు ఉండిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ బ్రాంచీలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకుల కలిసినయ్. ఆర్థిక సంవత్సరం నడుమల జరిగిన మార్పు అది. 2024-25 లెక్క ఇంకా తేలనోళ్లు ఎవరన్న ఉంటే 26ఏఎస్‌ల బ్యాంకు పేరు ఒక్కటే ఉందో, రెండు ఉన్నయో చూడాలె. రెండుంటే రెండూ కలిపితేనే ఏడాది వడ్డీ.

2025-26కు సంబంధించి లెక్కంతా పాత చట్టం కిందనే. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారినయ్ గానీ 2025-26 వడ్డీకి 194ఎనే. జనవరి నుంచి మార్చి దాకా కోసిన పన్ను లెక్క దాఖలు చెయ్యనీకి బ్యాంకుకు మే 31 దాకా గడువుంటది, ఫారం 16ఎ జూన్ 15 లోపు ఇయ్యాలె. గందుకని ఏప్రిల్లనే 26ఏఎస్ తీసి "మార్చి కోత కనిపిస్తలేదు" అని బ్యాంకు మీదికి పోకుండ్రి. జూన్ 15 దాటినంక తియ్యుండ్రి. మీ పుస్తకంల రాసిన వడ్డీ, అండ్ల ఉన్న వడ్డీ రూపాయికి రూపాయి కలిస్తేనే రిటర్న్ వెయ్యుండ్రి. కలవకుంటే ముందు బ్యాంకు బ్రాంచ్‌కు కాగితం మీద రాసియ్యుండ్రి, వాళ్లు తమ లెక్క దిద్ది మళ్లా దాఖలు చేస్తేనే అక్కడ మారుతది.