నలభై శాతంగా మారిన ఆరుగురు

1999 ఫిబ్రవరిలో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ ఒక అధ్యయనాన్ని ప్రచురించింది. కెవిన్ షుల్మన్, ఆయన సహచరులు నటీనటులను ఛాతీనొప్పి రోగులుగా చిత్రీకరించి, ఆ వీడియోలను 720 మంది వైద్యులకు చూపించారు. పాత్రల వయసు 55 లేదా 70. స్త్రీలు, పురుషులు; శ్వేతజాతివారు, నల్లజాతివారు. వైద్యులను అడిగిన ముఖ్యమైన ప్రశ్న ఒకటే: ఈ రోగిని గుండె క్యాథటరైజేషన్ పరీక్షకు పంపుతారా? స్త్రీల విషయంలో వచ్చిన ఆడ్స్ నిష్పత్తి 0.6. నల్లజాతివారి విషయంలోనూ 0.6.

0.6 అంటే నలభై శాతం తక్కువ అని వార్తాసంస్థలు చదువుకున్నాయి. స్త్రీలనూ నల్లజాతివారినీ ఈ పరీక్షకు పంపే అవకాశం నలభై శాతం తక్కువన్న మాట దేశమంతా పాకింది. అదే ఏడాది జూలైలో లీసా ష్వార్ట్జ్, స్టీవెన్ వొలోషిన్, గిల్బర్ట్ వెల్చ్ అదే పత్రికలో అసలు లెక్కను ముందుంచారు. పురుష రోగులను పరీక్షకు పంపినది 90.6 శాతం సందర్భాల్లో, స్త్రీలను 84.7 శాతం సందర్భాల్లో. నూటికి ఆరుగురు తేడా. సారాంశంలో ఆడ్స్ నిష్పత్తులను అనుమతించి ఉండవలసింది కాదని పత్రిక సంపాదకులే తర్వాత ఒప్పుకున్నారు.

ఇక్కడ ఎవరూ అంకెను తప్పుగా వేయలేదు. తప్పు దానిని మాటల్లోకి మార్చడంలో జరిగింది. సంభావ్యత అంటే వందమందిలో ఎందరికి జరిగిందన్నది. ఆడ్స్ అంటే జరిగినవారిని జరగనివారితో భాగించగా వచ్చేది. పురుషులకు 90.6ను 9.4తో భాగిస్తే సుమారు 9.6. స్త్రీలకు 84.7ను 15.3తో భాగిస్తే సుమారు 5.5. ఈ రెంటి నిష్పత్తే 0.6కు దగ్గరగా వస్తుంది. సంభావ్యతల నిష్పత్తి మాత్రం 0.93. ఒక సంఘటన అరుదైనప్పుడు, అంటే నూటికి ఇద్దరు ముగ్గురికే జరిగేటప్పుడు, ఈ రెండు నిష్పత్తులూ దాదాపు ఒకటే. నూటికి తొంభై మందికి జరిగేటప్పుడు అవి ఎంతో దూరమవుతాయి.

ఆడ్స్ నిష్పత్తి చేత సంభావ్యత భాష మాట్లాడించడానికి ఒక అంకె చాలదు. రోగి ఎక్కడినుంచి బయలుదేరాడో కూడా తెలియాలి. ముగ్గురు రోగులను ఊహించుకోవచ్చు. తక్కిన లక్షణాలనుబట్టి వారిని పరీక్షకు పంపే సంభావ్యతలు 90, 50, 10 శాతం. ముగ్గురికీ అదే 0.6 వర్తింపజేస్తే అవి వరుసగా 84.4, 37.5, 6.25 శాతానికి దిగుతాయి. మొదటివారికి తగ్గినది 5.6 పాయింట్లు, రెండవవారికి 12.5, మూడవవారికి 3.75. నిష్పత్తి ఒకటే, ముగ్గురి అనుభవాలు మూడు. లాజిస్టిక్ రిగ్రెషన్ గీసే వక్రరేఖ నడుమ నిటారుగా, అంచుల దగ్గర చదునుగా ఉండటమే దీనికి కారణం.

సగటు ఉపాంత ప్రభావం చేసే పని ఈ ముగ్గురినీ విడివిడిగా లెక్కించి, ఆ తర్వాతే సగటు తీయడం. నమూనాలోని ప్రతి వ్యక్తికీ, తక్కిన లక్షణాలు ఉన్నవి ఉన్నట్టే ఉంచి, ఒకసారి పురుషుడిగా, ఒకసారి స్త్రీగా సంభావ్యతను అంచనా వేస్తారు. ఆ రెంటి తేడా ఆ వ్యక్తి ప్రభావం. అందరి తేడాల సగటే కావలసిన అంకె. పై ముగ్గురికీ అది 7.3 పాయింట్ల తగ్గుదల. దీనికి బదులు అందరి లక్షణాలకూ ముందే సగటు తీసి, ఆ ‘సగటు మనిషి’కి ఒక్కసారే లెక్కిస్తే ఈ ఉదాహరణలో 50 శాతం దగ్గర నిలిచి, 12.5 పాయింట్లు వస్తుంది. లాగిట్ కొలమానంలో 90, 10 శాతాలు ఒకదానినొకటి సరిగ్గా రద్దు చేసుకోవడమే అందుకు కారణం. అటువంటి సగటు మనిషి నమూనాలో లేకపోయినా ఉండవచ్చు. అందుకే మనుషుల తేడాలకు సగటు తీయడం, సగటు మనిషికి తేడా తీయడం కన్నా మేలు.

అంతమాత్రాన సగటు ఉపాంత ప్రభావం కూడా తుదిమాట కాదు. షుల్మన్ అధ్యయనమే దానికీ సాక్ష్యం. స్త్రీపురుషుల మధ్య తేడా 5.9 పాయింట్లే కదా అని, వివక్ష స్వల్పమని తేల్చేయడం రెండవ పొరపాటు. నాలుగు గుంపులను విడదీసి చూస్తే శ్వేతజాతి పురుషులు, శ్వేతజాతి స్త్రీలు, నల్లజాతి పురుషులు ముగ్గురికీ అదే అంకె: 90.6 శాతం. నల్లజాతి స్త్రీలకు 78.8. శ్వేతజాతిలో స్త్రీ కావడం వల్ల వచ్చిన తేడా సున్న, నల్లజాతిలో 11.8 పాయింట్లు. సున్నకూ 11.8కీ సగటు 5.9. ఎవరికీ జరగని ఆరును సగటు చూపింది; ఒక గుంపుకు జరిగిన పన్నెండును దాచింది.

కాబట్టి నమూనాలో లింగానికీ జాతికీ పరస్పర పదం చేర్చాలి. ప్రభావాన్ని గుంపులవారీగా కూడా అడగాలి. స్టేటాలో అది మూడు పంక్తులు:

```
logit refer i.female##i.black age
margins, dydx(female)
margins, dydx(female) over(black)
```

రెండవ పంక్తి మొత్తం సగటును ఇస్తుంది, మూడవది జాతివారీగా విడదీస్తుంది. `##` లేకుండా విడిగా రాసే ఇలాంటి చలరాశికి `i.` అక్షరం మరవరాదు. అది లేకపోతే ప్రోగ్రాము 0, 1లను వయసులాంటి సంఖ్యలుగా భావించి, పురుషుడికీ స్త్రీకీ మధ్య తేడాకు బదులు వక్రరేఖ వాలును లెక్కిస్తుంది. అంకె నమ్మదగినట్టే కనిపిస్తుంది గనుక తప్పు బయటపడదు. అనుమానం ఉంటే రెండు గుంపుల అంచనా సంభావ్యతలను విడిగా తీసి, వాటి తేడా సరిపోతున్నదో లేదో చూసుకోవాలి.

ఆడ్స్ నిష్పత్తిని పక్కన పెట్టలేని చోటు ఒకటుంది. వ్యాధి ఉన్నవారిని రెండు వందలమందిని, లేనివారిని రెండు వందలమందిని పరిశోధకులే ఏరి తెచ్చే కేస్-కంట్రోల్ అధ్యయనాల్లో ‘సగం మందికి వ్యాధి’ అన్నది లోకంలోని సంగతి కాదు, ఏరిన తీరు. అక్కడ తీసిన సంభావ్యతలకు అర్థం లేదు; ఆడ్స్ నిష్పత్తి మాత్రమే ఆ ఏరుడును తట్టుకుని నిలుస్తుంది. మరో హద్దూ ఉంది. సగటు ఉపాంత ప్రభావం ఎవరి మీద లెక్కించారో వారిదే. రోగుల తీరు వేరైన ఇంకో ఊరికి ఆ అంకెను యథాతథంగా మోసుకుపోలేరు.

ఈ హద్దులు తెలిసీ ఆ లెక్కనే కోరడం న్యాయం, ఎందుకంటే వైద్యుడి ఎదుట కూర్చున్న మనిషికి కావలసింది నూటికి ఎందరన్న జవాబు. ఆనాడు నలభై శాతమన్న అతిశయోక్తి కూలినప్పుడు, దాని కింద ఉన్న నిజం కూడా శిథిలాల్లో కలిసిపోయే ప్రమాదం ఏర్పడింది. అది చిన్న నిజమేమీ కాదు. అవే లక్షణాలతో, అదే ఛాతీనొప్పితో వచ్చిన నల్లజాతి స్త్రీలలో, నూటికి సుమారు పన్నెండుమంది అదనంగా ఆ పరీక్ష గది గుమ్మం వరకు వెళ్లలేకపోయారు.