ఐదో పాఠం దగ్గరే ఆగిపోతున్నారు!

మా పిన్ని ముప్ఫయ్యేళ్లుగా జాకెట్లు కుడుతోంది. రెండేళ్ల కిందట ఆ విద్యనంతా ఆరు పాఠాలు చేసి యూట్యూబ్‌లో పెట్టింది. కొలతలు, పేపరు మీద గీయడం, బట్ట కత్తిరించడం, డాట్లు, చేతులు అతకడం, మెడకు పైపింగు... అన్నీ ఉన్నాయి. కానీ జనం ఎగబడేది ఐదోదానికే. చేతులు అతికేటప్పుడు చంక దగ్గర ముడతలు పడటం ఇంటింటి బాధ కదా! దానికోసమే వెతుక్కుంటూ వస్తారు. చూస్తారు. పోతారు.

'వచ్చినవాళ్లు వచ్చినట్టే గుమ్మంలోంచి వెళ్లిపోతున్నారురా. కాస్త లోపలికి పిలిచే దారి చూడు' అంది మొన్న వెళ్తే.

చూద్దును కదా, ప్లేలిస్టు ఉండనే ఉంది. అందులో కుట్టు పాఠాలతోపాటు ఆవకాయ, సంక్రాంతి ముగ్గులూ ఉన్నాయి! పైగా వరస తలకిందులు. కొత్తది పైన, పాతది కింద. అంటే ఐదో పాఠం అయిపోగానే నాలుగోది మొదలవుతుంది. నేర్చుకునేవాళ్లు తల పట్టుకోక ఏం చేస్తారు?

ఆవకాయనూ ముగ్గులనూ వేరు చేసి, ఆరు పాఠాలనూ ఒకటి నుంచి వరసగా పేర్చాం. తర్వాత ప్లేలిస్టు సెట్టింగుల్లో Set as official series for this playlist అన్నదాన్ని ఆన్ చేశాం. ఇవి విడివిడి వీడియోలు కావు, ఒకే వరసలో చూడాల్సినవి అని యూట్యూబ్‌కు చెప్పడమన్నమాట. ఒకటి చూస్తున్నవాళ్లకు మిగతావాటిని సూచించడానికి అది ఉపయోగపడుతుంది. సూచించి తీరుతుందన్న హామీ మాత్రం లేదు. ఒక వీడియోను ఇలాంటి ఒక్క సిరీస్‌లోనే ఉంచగలం. మామూలు ప్లేలిస్టుల్లో అయితే ఎన్నింట్లోనైనా పెట్టుకోవచ్చు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ప్లేలిస్టులోంచి వచ్చినవాళ్లకే ఆ వరస తనంతట తాను నడుస్తుంది. 'చంక దగ్గర ముడతలు' అని వెతికి నేరుగా ఐదో పాఠానికి వచ్చినావిడకు అసలు ప్లేలిస్టు ఉందన్న సంగతే తెలియదు. ఆవిడకు దారి చూపించాల్సింది ఎండ్ స్క్రీన్. వీడియో చివర్లో చిన్న చిన్న పెట్టెల్లా వస్తాయే, అవి. చివరి 5 నుంచి 20 సెకన్ల వరకూ వాటిని ఉంచుకోవచ్చు. వీడియో కనీసం 25 సెకన్లుండాలి. పిల్లల కోసం అని గుర్తు పెట్టిన వీడియోలకు ఈ వీలు లేదు.

పిన్ని వీడియోకు నాలుగు పెట్టెలూ పెట్టే ఉన్నాయి. కానీ 'సెలవు, మళ్లీ కలుద్దాం' అని దండం పెట్టేశాక, 20 సెకన్లు వీణ వాయించి, అప్పుడు చూపిస్తోంది. స్టూడియోలో ఎవరు ఎక్కడిదాకా చూశారో చెప్పే గీత ఉంటుంది. 'సెలవు' అన్న మాట దగ్గర అది నిట్టనిలువుగా కిందికి పడిపోయింది. పెట్టెలు వచ్చేసరికి చూసేవాళ్లే లేరు!

ఒకసారి పెట్టిన వీడియో స్థానంలో కొత్తది పెట్టడం కుదరదు. కోసేయడం కుదురుతుంది. ఎడిటర్‌లోకి వెళ్లి దండాన్నీ వీణనూ కత్తిరించాం. ఇప్పుడు పిన్ని కుట్టిన చేతిని తిప్పి చూపిస్తుండగా, చివరి 12 సెకన్లలో పెట్టెలు వస్తాయి. చెయ్యి కనబడకుండా పోకూడదు కాబట్టి వాటిని ఓ పక్కకు జరిపాం. నాలుగింటిని రెండు చేశాం.

ఏ రెండు? తర్వాతది ఆరో పాఠమే కదా అన్నాను. పిన్ని నవ్వింది. 'ముడతలు పడి ఏడుస్తున్నదానికి మెడ పైపింగు ఎందుకురా? తప్పు చాలాసార్లు చంక గుండ్రం కత్తిరించడంలోనే ఉంటుంది. మూడోది చూపించు.' నిజమే! వరస వేరు, అవసరం వేరు. అందుకే ఒక పెట్టెలో మూడో పాఠం, రెండోదాంట్లో మొత్తం ప్లేలిస్టు పెట్టాం. Best for viewer అని ఎంచుకుంటే పిన్ని వీడియోల్లోంచే ఏది చూపించాలో యూట్యూబే నిర్ణయిస్తుంది. ఆవకాయలాంటి ఒంటరి వీడియోలకు అది చాలు.

ఓ నెలయ్యాక ఎంతమంది నొక్కారో అనలిటిక్స్‌లో చూడాలి. పెట్టెలు రాకముందే గీత పడిపోతుంటే ముగింపు ఇంకా సాగుతోందని అర్థం. చివరిదాకా ఉండి కూడా నొక్కకపోతే, మనం ఎంచిన వీడియో వాళ్లకు అక్కర్లేనిదన్నమాట. నొక్కినవాళ్లు అర నిమిషంలో వెళ్లిపోతే అక్కడున్న పాఠంలోనే ఏదో లోటుంది.

ఆ మాట అనగానే పిన్ని మూడో పాఠం పెట్టించుకుని చూసింది. చంక గుండ్రం కత్తిరించే చోట ఆమె మోచెయ్యి కెమెరాకు అడ్డొచ్చింది. 'ఇది మళ్లీ తీయాలిరా' అంటూ టేపు కోసం వెతకడం మొదలుపెట్టింది.