మినిట్స్ బుక్కు ప్రతిసారీ చెల్లి చేతికేనా?



ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం అనగానే మన విద్యార్థి సంఘాలు మీటింగులు పెట్టుకుంటాయి. చాలాచోట్ల ఒకటే తంతు. "చెల్లీ, నీ చేతిరాత బాగుంటది, నువ్వే రాయి" అని మినిట్స్ బుక్కు ఒక అమ్మాయి ముందు పెడతారు. అలా అనేవాళ్లకు చెడు ఉద్దేశం ఉండదు. కానీ రాసే మనిషికి మాట్లాడే వీలుండదు. ర్యాలీ దారి గురించి ఒకరు చెప్పింది ఆమె రాస్తుండగానే చర్చ చందాల మీదికి పోతుంది. ఆమె తల ఎత్తేసరికి తీర్మానం అయిపోతుంది. దాన్ని రాసేది ఆమే, అందులో లేనిది ఆమె మాటే.

"నేను రాయను" అని బుక్కు పక్కకు నెట్టేస్తే గొడవ ఆమె కోపం మీదికి మళ్లుతుంది. అంతకంటే ఇలా అనడం మేలు: "ఈరోజు నేను రాస్తా అన్నా. వచ్చే మీటింగు నుంచి హాజరు పట్టీలో పేర్ల వరుసలో ఒక్కొక్కరం రాద్దాం. అందరూ సరేనంటే ఇది కూడా తీర్మానంగా రాస్తా." తొమ్మిది మంది ఉన్న కమిటీలో అప్పుడు ఒక్కొక్కరికి తొమ్మిది మీటింగులకు ఒకసారే వంతు వస్తుంది. "నా రాత బాగోదు" అనే తమ్ముడికి ఒకటే జవాబు: పరీక్షల్లో రాసే రాత ఇక్కడికీ చాలు. ఇంకోటి, ఎవరు రాస్తున్నా సరే, తీర్మానం ముందు "నువ్వేమంటావ్?" అని అధ్యక్షుడు వాళ్లను అడగాలి.

రెండోది మాటకు అడ్డురావడం. ఇంట్లో కోయలోనో గోండిలోనో సవరలోనో మాట్లాడే పిల్ల తెలుగు మాట కోసం ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణంలోనే ఇంకొకరు అందుకుంటారు. ఆగినంత మాత్రాన మాట అయిపోయినట్టు కాదు. అప్పుడు "అన్నా, నా మాట పూర్తి చేసి నీకిస్తా" అని ఆగినచోట నుంచే చెప్పాలి. సారీ వద్దు, గొంతు పెంచొద్దు, మళ్లీ మొదటినుంచి వద్దు. ఆమె చెప్పలేకపోతే పక్కనున్నవాళ్లు "చెల్లి ఇంకా చెప్తోంది" అంటే చాలు.

అడ్డొచ్చేది అధ్యక్షుడే అయితే మీటింగు అయ్యాక విడిగా, ఏ అంశం దగ్గర జరిగిందో చూపించి చెప్పండి. అప్పటికీ మారకపోతే వచ్చే మీటింగు ఎజెండాలో పెట్టండి. కానీ వెకిలి మాటలకు, బెదిరింపులకు ఈ మర్యాద పనికిరాదు. వాటికి ఫిర్యాదే దారి.

ఇదంతా చిన్న విషయం అనుకోవద్దు. అటవీ హక్కుల నిబంధనల ప్రకారం గ్రామసభకు హాజరైనవాళ్లలో కనీసం మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. చట్టం తలలు లెక్కపెట్టగలదు గానీ ఎవరి మాట విన్నారో లెక్కపెట్టలేదు. రేపు మన పోడు భూమి తీర్మానం జరిగే సభలో ఈ చెల్లెళ్లే కూర్చుంటారు. అక్కడ మాట్లాడే అలవాటు ఇక్కడి మీటింగుల్లోనే రావాలి.