రీల్‌లో ఎవరి పని ఎంత?

చిన్న యానిమేషన్ స్టూడియోకు ఇంటర్న్‌షిప్ కోరుతూ విద్యార్థి రాసే లేఖను హెచ్‌ఆర్ విభాగం చదవదు. పదిమంది పనిచేసే చోట ఆ విభాగమే ఉండదు. డెడ్‌లైన్ ఒత్తిడిలో ఉన్న యానిమేషన్ లీడే దాన్ని తెరుస్తాడు. ఆయనకు కావలసినవి రెండే: రీల్‌లో ఈ అబ్బాయి సొంతంగా చేసిందేమిటి, రేపు వస్తే ఏ పని అప్పగించవచ్చు. చాలా లేఖలు ఈ రెండూ వదిలేసి, చిన్నప్పటి నుంచీ కార్టూన్లంటే ప్రాణమని చెప్పుకుపోతాయి.

చిక్కు ఎక్కువగా గ్రూప్ ఫిల్మ్‌తో వస్తుంది. అయిదుగురు కలిసి తీసిన సినిమాలోని షాట్లే అయిదుగురి రీళ్లలోనూ ఉంటాయి. మోడల్ ఒకరిది, రిగ్ మరొకరిది, లైటింగ్ ఇంకొకరిది. ఎవరి వంతు ఏదో లేఖ చెప్పకపోతే, నిజంగా కష్టపడిన వాడి మీదా అనుమానమే మిగులుతుంది.

నలభై సెకన్ల రీల్ ఒకటి ఊహించుకోండి. మొదటి షాట్‌లో ఒకాయన నిండు గ్యాస్ సిలిండర్‌ను భుజానికెత్తుకుంటాడు. నిడివి 8 సెకన్లు, అంటే సెకనుకు 24 చొప్పున 192 ఫ్రేములు. లీడ్ దాన్ని ఆపి, ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూస్తాడు. ఎత్తే ముందు నడుము కిందికి దిగిందా? భుజం మీదికి బరువు రాగానే ఒళ్లు రెండో పక్కకు ఒరిగిందా? నేల మీద ఆనిన పాదం జారుతోందా? ఒళ్లు కదలకుండా చేతులే లేస్తే సిలిండర్ ఖాళీదన్నట్టు కనిపిస్తుంది. రెండరింగ్ ఎంత మెరిసినా ఆ లోపం దాగదు. కదలిక బాగుంటే, రంగుల్లేని బూడిదరంగు ప్లేబ్లాస్ట్ అయినా సరిపోతుంది.

ఈ షాట్ గురించి లేఖలో ఇంత రాస్తే చాలు: 'కదలికంతా నాది. రిగ్ ఉచితంగా దొరికింది. లైటింగ్ నా సహాధ్యాయి చేశాడు. నేనే బరువు ఎత్తుతూ తీసుకున్న వీడియోనే రిఫరెన్స్.' ఆ తర్వాత, 'జూన్ నుంచి మూడు నెలలు రాగలను. వెనక నడిచే పాత్రల షాట్లు, బ్లాకింగ్ అయినవాటి పాలిషింగ్ చేయగలను' అంటే లీడ్‌కు వెంటనే ఏదో ఒక పని తడుతుంది. బలహీనమైన మూడో షాట్ ఉంటే తీసేయాలి. ముప్ఫై సెకన్లే మిగిలినా నష్టం లేదు. రీల్ లింక్ తెరవడానికి అనుమతి అడిగితే ఆయన అక్కడే వదిలేస్తాడు. కాబట్టి పంపేముందు వేరొకరి ఫోన్‌లో తెరిచి చూసుకోవాలి.

విద్యార్థి అడగాల్సిందీ ఒకటుంది. స్టూడియో పని గోప్యత ఒప్పందం కింద ఉంటుంది. అనుమతి లేకుండా ఆ షాట్లు రీల్‌లోకి ఎక్కవు. సినిమా విడుదలయ్యాక తన షాట్లు చూపుకోవచ్చా, స్టైపెండ్ ఎంత అన్నది చేరకముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. లేదంటే మూడు నెలల చాకిరీ తర్వాత చూపడానికి ఏమీ ఉండదు.

శిక్షణ సంస్థలు చివరి ప్రాజెక్టుకు మార్కులు వేసేటప్పుడు, ఏ షాట్‌లో ఎవరి పని ఎంతో రాసిన ఒక పేజీని కూడా తప్పనిసరి చేయాలి. రీల్‌ను నమ్మించేది ఆ పేజీయే.