దిల్‌లో ఖయాల్ రావడమే గునాహ్ కాదు

పదో తరగతి చదివే ఒక అబ్బాయి నన్ను అడిగాడు: "భాయ్‌జాన్, మా క్లాసులో ఒక దోస్త్ పక్కన కూర్చుంటే దిల్ గట్టిగా కొట్టుకుంటుంది. వాడు వేరేవాళ్లతో నవ్వితే జలన్ పుడుతుంది. నేను గునాహ్‌గార్‌నా? సజ్దాలో ఏడుస్తున్నాను."

బేటా, ముందు ఒక ఫరఖ్ తెలుసుకో. నఫ్స్‌లో మెదిలే మాటలను నోటితో అననంత వరకు, చేతలోకి తేనంత వరకు ఈ ఉమ్మత్‌కు మాఫ్ అని బుఖారీ, ముస్లిం రెండిట్లోనూ హదీస్ ఉంది. అమల్ విషయంలో ఉలమాల రాయ్ అందరికీ తెలిసిందే. నువ్వు అడిగింది అమల్ గురించి కాదు, పిలవకుండా వచ్చిన ఖయాల్ గురించి. దానికి నిన్ను నువ్వు సజా వేసుకోకు.

ఇక, దానికి ఇప్పుడే పేరు పెట్టకు. పదిహేనేళ్ల వయసులో వాడిలా అవ్వాలనే ఆరాటం, విడవలేని దోస్తీ, ఆకర్షణ ఒకేలా అనిపించవచ్చు. కొందరికి కొన్ని నెలల్లో తగ్గిపోతుంది, కొందరికి ఉండిపోతుంది. ఏది జరిగినా ఇది మర్జ్ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితా నుంచి తీసేసింది.

రాత్రి పదకొండింటికి మనసు బరువెక్కినప్పుడు ఆ దోస్త్‌కు వాట్సాప్‌లో అంతా రాసేయకు. ఒక్క స్క్రీన్‌షాట్ తెల్లారేసరికి క్లాసంతా తిరుగుతుంది. కాగితం మీద రాసుకుని చింపెయ్. చెప్పుకోవాలనిపిస్తే ఒక్కరినే ఎంచుకో. ఖాలా కావచ్చు, మామూ కావచ్చు. వాళ్లు ఇతరుల రహస్యాలను నీ దగ్గర చెబుతుంటారా? చెబుతుంటే నీదీ దాగదు.

అమ్మీ, అబ్బాలకు ఒక మాట. ఫోను దొంగచాటుగా వెతకకండి. తజస్సుస్ వద్దని సూరా హుజురాత్ పన్నెండో ఆయత్ చెబుతుంది. ఆమిల్ దగ్గరికి, తాయెత్తులకు తీసుకెళ్లకండి. "నిఖా చేస్తే అంతా సర్దుకుంటుంది" అనుకోవడం ఇంకో అమ్మాయి జిందగీని పణంగా పెట్టడమే. "మార్చేస్తాం" అనే డాక్టరు కనబడితే లేచి వచ్చేయండి. అలాంటి చికిత్సను జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది.

బిడ్డ నోరు విప్పితే ముందు పూర్తిగా వినండి. వెంటనే ఫత్వాకు పరిగెత్తకండి. "నువ్వు మా బిడ్డవే" అన్న ఒక్క మాట ఆ రాత్రికి చాలు. మిగతాది రేపు మాట్లాడుకోవచ్చు.

రెండు వారాలుగా నిద్ర, తిండి, చదువు దెబ్బతింటున్నా, బతకాలని లేదన్న మాట వచ్చినా ఆగకండి. టెలి మానస్ నంబరు 14416 ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. బిడ్డ తానే ఫోన్ చేయవచ్చు. ఇజ్జత్ అని దాచిపెట్టి జాన్ పోగొట్టుకున్న ఇల్లు ఏ ఇజ్జత్ మిగుల్చుకుంటుంది?